‘తగినంత దూరం’ అంటే ఎంత?

వానలు మొదలైన రోజు ఒక ట్రాఫిక్ విభాగం వాళ్ళు పెట్టిన ఫొటో చూశాను. ముందు భాగం నుజ్జునుజ్జయిన కారు, చుట్టూ తడి రోడ్డు. ఫొటో కింద నాలుగు పొట్టి లైన్లు:

వాన పడుతోంది.
జాగ్రత్తగా నడపండి.
ముందు వాహనానికి తగినంత దూరం పాటించండి.
ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తున్నారు.

మాటలు తేలిగ్గా ఉన్నాయి, ఒక్క చూపులో చదివేయొచ్చు. అయితే నా పక్కన కూర్చున్న కుర్రాడు, నాకు తమ్ముడి వరస, ఈమధ్యే లైసెన్సు తెచ్చుకున్నవాడు, మూడో లైను దగ్గర ఆగిపోయాడు. “తగినంత అంటే ఎంతన్నా? ఒక కారు పట్టేంతా, రెండు కార్లు పట్టేంతా?” అన్నాడు. ఆ ఫొటో కింద దానికి జవాబు లేదు. అంతకుముందు వాళ్ళు పెట్టినవి కూడా వెనక్కి వెళ్ళి చూశాను. ‘సురక్షిత దూరం’, ‘తగిన వేగం’, ‘అప్రమత్తంగా ఉండండి’. అన్నీ పొట్టి లైన్లే. ఏది ఎంతో ఒక్కదాంట్లోనూ లేదు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. భద్రత గురించి రాసే క్యాప్షన్ పొట్టిగా ఉండాలని అందరూ అంటారు, నిజమే. కానీ పొట్టిగా ఉన్నంత మాత్రాన స్పష్టంగా ఉన్నట్టు కాదు. నేను పెట్టే పరీక్ష ఒకటే. చదివిన మనిషి రోడ్డెక్కాక, చెప్పిన పని తాను చేస్తున్నాడో లేదో ఎవర్నీ అడక్కుండా తనే తేల్చుకోగలగాలి. ‘తగినంత దూరం’ ఈ పరీక్షలో నిలవదు. ముందు బండికి మూడు మీటర్ల వెనక పోయేవాడు కూడా తను తగినంత దూరంలోనే ఉన్నాననుకుంటాడు. ఇన్నాళ్ళూ గుద్దలేదు కాబట్టి అతని లెక్కలో అది తగినంతే. దగ్గు మందు సీసా మీద ‘తగినంత తాగండి’ అని రాసి ఊరుకుంటే మనం ఒప్పుకోం కదా!

మీటర్లు చెబితే సరిపోతుందా?

సరే, అంకె వేద్దాం అనుకుంటే మొదట తట్టేది మీటర్లు. ‘60 వేగంలో 33 మీటర్లు వదలండి’ అని రాయొచ్చు. అంకె ఉంది, స్పష్టంగానూ ఉంది. కానీ నడిపేవాడికి పనికిరాదు. కదిలే బండిలోంచి చూస్తే ముందున్న బండి 20 మీటర్ల దూరంలో ఉందో 35 మీటర్ల దూరంలో ఉందో మనలో చాలామందిమి చెప్పలేం. పైగా వేగం మారితే ఆ అంకె కూడా మారాలి. 40కి ఒకటి, 60కి ఒకటి, 80కి ఒకటి అంటూ పట్టిక వేస్తే అది పరీక్షకి చదువుకోవడానికి పనికొస్తుంది, స్టీరింగ్ పట్టుకున్నాక గుర్తురాదు.

అందుకే చాలా దేశాల్లో దూరాన్ని కాలంలోకి మార్చి చెబుతారు. బ్రిటన్ హైవే కోడ్‌లో ఉన్న నియమం ఇది: వేగంగా సాగే ట్రాఫిక్‌లో ముందు వాహనానికీ మనకీ మధ్య కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలి, తడి రోడ్డు మీద కనీసం దానికి రెట్టింపు, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద పది రెట్ల దాకా. ఫ్రాన్సులో రెండు సెకన్ల ఎడం ఏకంగా రోడ్డు చట్టంలోనే ఉంది.

కాలంతో కొలవడంలో సుఖం ఏమిటంటే, వేగం మారినా నియమం మారదు. రెండు సెకన్లు అంటే గంటకి 40 కిలోమీటర్ల వేగంలో 22 మీటర్లు, 60లో 33, 80లో 44. ఈ గుణకారం నడిపేవాడు చెయ్యక్కర్లేదు, బండి వేగమే చేసిపెడుతుంది. కొలవడానికి కావలసిందల్లా రోడ్డు పక్కన కదలకుండా ఉన్న ఏదో ఒక గుర్తు. దీపస్తంభం, బోర్డు, చెట్టు, వంతెన నీడ, రోడ్డు మీద అతుకు, ఏదైనా ఫర్వాలేదు. ముందు బండి వెనక భాగం ఆ గుర్తు దాటిన క్షణాన లెక్క మొదలుపెట్టాలి. ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు’ అని మామూలు వేగంతో అనుకుంటే సుమారు రెండు సెకన్లు. అది పూర్తయ్యేలోపే మన బండి ముక్కు ఆ గుర్తు దగ్గరికి వచ్చేస్తే మనం మరీ దగ్గరగా ఉన్నట్టు. పెడల్ మీద కాలు తేలిక చేసి, ఇంకో స్తంభం దగ్గర మళ్ళీ లెక్కపెట్టుకోవాలి.

మా తమ్ముడితో ఇది చేయించాను. తడి రోడ్డు, ముందు బస్సు. బస్సు వెనక ఎర్ర లైటు దీపస్తంభం దాటగానే గట్టిగా “వెయ్యిన్నొ...” అన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే స్తంభం మా అద్దం పక్కనుంచి వెనక్కి పోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడు ఏం జాగ్రత్త లేకుండా నడుపుతున్నవాడు కాదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే, ఫోను జేబులోనే, చూపు ముందుకే. ఆ క్యాప్షన్‌లోని ‘జాగ్రత్తగా నడపండి’ అక్షరాలా పాటిస్తున్నాడు. బస్సుకి మాత్రం సెకను దూరంలో కూడా లేడు. ఇంకెవరూ చెప్పకుండా ఆ సంగతి వాడికి తెలిసింది ఒక్క స్తంభం వల్ల.

రెండు సెకన్లే ఎందుకు, తడిలో నాలుగెందుకు

ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే క్యాప్షన్ ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది.

ముందు బండి బ్రేకు లైటు వెలిగిన క్షణానికీ మన కాలు బ్రేకు మీద పడే క్షణానికీ మధ్య ఖాళీ ఉంటుంది. అనుకోకుండా ఎదురైన సందర్భంలో అది సెకను నుంచి సెకనున్నర పట్టడం మామూలే. రోడ్ల రూపకల్పనలో ఇంజనీర్లు అందర్నీ కలుపుకోవడానికి రెండున్నర సెకన్లు వేసుకుంటారు. ఆ ఖాళీలో బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. 60 వేగంలో సెకనున్నరకి 25 మీటర్లు, బ్రేకు తగలకముందే. రెండు సెకన్ల ఎడం ప్రధానంగా కొనిపెట్టేది ఈ సెకనున్నరనే. మిగిలిన అర సెకను, ముందు బండి బ్రేకులు మనవాటికంటే కాస్త గట్టివైతే వచ్చే తేడాకి.

అంటే దీని వెనక ఒక ఊహ ఉంది: ముందు బండి కూడా బ్రేకు వేసుకుంటూ కొంత దూరం సాగి ఆగుతుంది అని. అది ఆగివున్న లారీని గుద్ది ఉన్నచోటే నిలిచిపోతే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు మనం ఆగడానికి పట్టే దూరమంతా మన ముందు ఖాళీగా ఉండాలి.

ఇప్పుడు తడి రోడ్డు. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 60 వేగం నుంచి గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 20 మీటర్లలో ఆగొచ్చు. తడిసిన రోడ్డు మీద పట్టు తగ్గుతుంది కాబట్టి అదే బ్రేకుకి 30 మీటర్లు దాటొచ్చు, టైర్లు అరిగి ఉంటే ఇంకా ఎక్కువ. దానికి ముందు చెప్పిన 25 కలిపితే 55 మీటర్ల పైచిలుకు. రెండు సెకన్ల ఎడం ఇచ్చేది 33. నాలుగు సెకన్లు ఇచ్చేది 66. తడిలో రెట్టింపు చెయ్యమనడంలో అర్థం ఇది: ముందు బండి ఉన్నచోటే నిలిచిపోయినా మనకి చోటు మిగులుతుంది.

కానీ అదే లెక్క 100 వేగంలో వేసి చూడండి. నాలుగు సెకన్లకి 111 మీటర్లు. కాలు కదలడానికి పట్టే సెకనున్నరలో 42 మీటర్లు పోతాయి, తడిలో బ్రేకు దూరం 85 దాటుతుంది. మొత్తం 127. చోటు చాలదు. వేగం పెరిగినకొద్దీ సెకన్లతో వచ్చే దూరం అదే నిష్పత్తిలో పెరుగుతుంది గానీ, బ్రేకు దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలు. నాలుగు సెకన్ల నియమం ఒక్కటే చాలనుకుని తడి రోడ్డు మీద 100లో పోతే అది కాపాడదు. అందుకని వానకి రాసే క్యాప్షన్‌లో ఎడంతో పాటు వేగం కూడా ఉండాలి, దానికీ అంకె ఉండాలి. ‘వేగం తగ్గించండి’ అంటే 100లో పోయేవాడు 95కి తగ్గించి, చెప్పింది విన్నాననుకుంటాడు.

“మధ్యలో దూరిపోతారు కదా!”

ఈ సలహాకి అందరూ చెప్పే అడ్డు ఇదే. మా తమ్ముడు కూడా అదే అన్నాడు. బస్సుకి నాలుగు సెకన్లు వెనకబడగానే ఒక బైకు వచ్చి ఆ ఖాళీలో చేరింది. మళ్ళీ వెనకబడ్డాడు, ఈసారి కారు. వాడికి చిరాకు పుట్టింది. “ఇలా అయితే మనం వెనక్కి పోతూనే ఉంటాం” అన్నాడు.

ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. కిక్కిరిసిన రోడ్డు మీద నాలుగు సెకన్లు ఎప్పుడూ నిలబెట్టుకోవడం కుదరని పని. వాహనాలు పది ఇరవై వేగంతో పాకుతున్న చోట ఈ నియమం కోసం పట్టుబట్టాల్సిన అవసరమూ లేదు, బ్రిటన్ వాళ్ళది కూడా వేగంగా సాగే ట్రాఫిక్ గురించే. కానీ రోడ్డు కాస్త ఖాళీగా సాగుతున్నప్పుడు మాత్రం ఈ లెక్క చూసుకోవాలి. ఒక బండి మన ముందుకి దూరితే, మనం మళ్ళీ నాలుగు సెకన్ల ఎడం తెచ్చుకోవడానికి పోయేది సుమారు నాలుగు సెకన్లే. ప్రయాణం మొత్తంలో పది బండ్లు దూరినా నలభై సెకన్లు. ఒక్క ఎర్ర లైటు దగ్గర మనం దీనికంటే ఎక్కువసేపు నిలబడతాం. దూరినవాళ్ళలో కొందరు కాసేపటికి పక్క లేనులోకి పోతారు కూడా. చిరాకు పుట్టేది పోయిన టైము వల్ల కాదు, ఎవడో మనల్ని దాటాడనే భావన వల్ల.

క్యాప్షన్ రాసేవాళ్ళు ఈ అభ్యంతరం వినపడనట్టు ఉండకూడదు. చదివే ప్రతివాడి మనసులో వచ్చే మొదటి మాట ఇదే కాబట్టి, ఒక లైను దానికే కేటాయించాలి: ‘ఎవరైనా మధ్యలోకి వస్తే మళ్ళీ వెనక్కి తగ్గండి. పోయేది నాలుగు సెకన్లే.’ ఇంటివాళ్ళు ఎదురుచూస్తున్నారనే లైను కంటే ఇది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

భయపెట్టే లైన్ల సంగతి

దీన్ని కాదనేవాళ్ళు బలంగా చెప్పేది మరొకటుంది. మనుషులు అంకెలకి కదలరు, భయానికీ ప్రేమకీ కదులుతారు, కాబట్టి నుజ్జయిన కారు, ఇంట్లో ఎదురుచూసే పిల్లలు, ఇవి ఉండాల్సిందే అంటారు. నేను చాలా రోజులు ఇది నిజమే అనుకున్నాను. ఇప్పుడు కూడా సగం నిజమనే అంటాను.

1965లో హోవర్డ్ లెవెంతాల్, ఆయన సహచరులు యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ధనుర్వాతం టీకా గురించి కరపత్రాలిచ్చారు. కొందరివి బాగా భయపెట్టేవి, కొందరివి తక్కువ. భయపడ్డవాళ్ళు టీకా వేయించుకోవాలని గట్టిగానే అనుకున్నారు. కానీ వెళ్ళి వేయించుకున్నారా అన్నది తేల్చింది భయం కాదు. కొందరికి అదనంగా ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తు పెట్టిన మ్యాపు ఇచ్చి, మీ వారంలో ఎప్పుడు వెళ్తారో చూసుకోండి అన్నారు. ఆ వివరం అందినవాళ్ళలో సుమారు 28 శాతం వెళ్ళారు. అందనివాళ్ళలో 3 శాతం. ఆ కేంద్రం ఎక్కడుందో చాలామందికి ముందే తెలిసినా, ఇంత తేడా వచ్చింది.

రోడ్డు మీద అయితే భయం ఎదురు తిరిగిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లో హైవేల మీద ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి. ఈ ఏడాది ఇప్పటికి ఇంతమంది రోడ్ల మీద చనిపోయారు అని నెలలో ఒక వారం వాటిమీద చూపించేవారు. చూపించిన వారాలనీ చూపించని వారాలనీ పోల్చి జొనాథన్ హాల్, జాషువా మాడ్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2022లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అంకె చూపించిన వారాల్లో బోర్డు దాటాక 10 కిలోమీటర్ల మేర ప్రమాదాలు తగ్గలేదు సరికదా, 4.5 శాతం పెరిగాయి. చావుల అంకె మనసుని లాగేసుకుని నడపడం మీద ధ్యాస తగ్గిస్తుందని వాళ్ళ వివరణ. ఇది నడుపుతూ చదివే బోర్డు గురించి. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసే క్యాప్షన్‌కి దీన్ని ఉన్నదున్నట్టు అంటగట్టడం సరికాదు. నేను తీసుకునేది ఇంతవరకే: ఒక అంకె గుండెల్లో గుబులు పుట్టించి, చెయ్యాల్సిన పని మాత్రం చెప్పకపోతే, అది మంచే చేస్తుందని ముందే అనుకోవడానికి లేదు.

ప్రాస, లయ అంటారా, వాటితో నాకు పేచీ లేదు. బ్రిటన్‌లో రెండు సెకన్ల నియమానికి ఒక నినాదం ఉంది, రెండు సెకన్ల నియమం తప్పేవాడు మూర్ఖుడే అన్న అర్థంతో, ప్రాస కుదిరిన ఇంగ్లిష్ వాక్యం. మామూలుగా పలికితే దానికి పట్టేది సుమారు రెండు సెకన్లే. స్తంభం దగ్గర మొదలెట్టి ఆ వాక్యం అనుకుంటే చాలు, కొలత అయిపోతుంది. చెప్పే మాటే కొలిచే సాధనమైంది. ప్రాస కోసం సూచనని వదులుకోనక్కర్లేదని దీన్ని బట్టే తెలుస్తోంది.

ఫ్రాన్సు మోటారు దారుల మీద ఇంకో మంచి పని చేశారు. దారి అంచున ఒక్కొక్కటి సుమారు 40 మీటర్ల పొడవున్న తెల్ల గీతలు, మధ్యలో ఖాళీలు. అక్కడి బోర్డు మీద రాసింది ఇంతే: ఒక గీత ప్రమాదం, రెండు గీతలు భద్రత. రెండు గీతలు, మధ్య ఖాళీ కలిపితే దాదాపు 90 మీటర్లు, అక్కడి గరిష్ఠ వేగం 130లో రెండున్నర సెకన్లు. లెక్కపెట్టే పని కూడా లేదు, చూస్తే చాలు. గీతలు వేసే ఖర్చు పెట్టలేని చోట స్తంభంతోనే సరిపెట్టుకోవచ్చు.

ఆ నాలుగు లైన్లు తిరగరాస్తే

ఈ లెక్కలన్నీ పెట్టుకుని, మొదట చూసిన క్యాప్షన్‌ని నేనిలా రాస్తాను:

రోడ్డు తడిగా ఉందా? 80 దాటకండి.
ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టండి.
వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు, వెయ్యిన్ని నాలుగు.
అంతలోపే మీరూ స్తంభం చేరితే, వేగం తగ్గించి వెనకబడండి.
ఎవరైనా మధ్యలోకి వస్తే మళ్ళీ తగ్గండి. పోయేది నాలుగు సెకన్లే.

లైను ఒకటి పెరిగింది. అయినా ప్రతి లైనులో చెయ్యాల్సిన పనో, ఆ పని అయిందో లేదో తేల్చే గుర్తో ఉంది. 80 అనేది ఎందుకంటే, పైన చేసిన లెక్క ప్రకారం తడిలో నాలుగు సెకన్ల ఎడం బొటాబొటిగా సరిపోయే హద్దు అదే: 89 మీటర్ల చోటు, ఆగడానికి 88. అది మంచి టైర్లున్న కారుకి వేసిన లెక్క. బరువెక్కిన లారీకీ, టైర్లు అరిగిన దేనికైనా అది ఎక్కువే. ఆ రోడ్డుకి పెట్టిన పరిమితి అంతకంటే తక్కువైతే ఆ అంకే రాయాలి. బైకుల వాళ్ళకి విడిగా ఒక క్యాప్షన్ ఉండాలి. తడిలో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం జారే భయం వాళ్ళకి ఎక్కువ, దాన్ని ఇదే అయిదు లైన్లలో ఇరికిస్తే రెండూ పాడవుతాయి.

ఫొటో కూడా మార్చాలి. నుజ్జయిన కారు చూస్తే ప్రమాదం అయిపోయాక ఏమవుతుందో తెలుస్తుంది, దాన్ని ఆపడానికి ఎక్కడ చూడాలో తెలీదు. డ్రైవరు సీట్లోంచి తీసిన ఫొటో పెట్టొచ్చు: అద్దంలోంచి కనిపించే తడి రోడ్డు, దీపస్తంభం పక్కనుంచి అప్పుడే దాటుతున్న ముందు బండి. రేపు నడిపేవాడికి కనిపించేది అదే కాబట్టి, ఆ స్తంభం కనబడగానే లెక్క గుర్తొచ్చే అవకాశం ఉంది. ఇక వాన మొదలైన గంటకల్లా ఆ క్యాప్షన్ బయటికి రావాలి. చాన్నాళ్ళ ఎండ తర్వాత పడే తొలి వానలోనే రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి టైరు పట్టు బాగా తగ్గుతుంది.

పని చేసిందో లేదో ఎన్ని వేలమంది మెచ్చుకున్నారన్న దాన్ని బట్టి తేలదు. ట్రాఫిక్ విభాగం దగ్గర కెమెరాలు ఎలాగూ ఉంటాయి. ట్రాఫిక్ వేగంగా సాగే ఒకే చోట, ఒకే వేళ, క్యాప్షన్‌కి ముందు వాన పడిన ఒక రోజు, తర్వాత వాన పడిన ఒక రోజు వీడియో తీసుకుని, ఒక గీత మీదుగా ఒక్కో బండి దాటిన టైము రాసుకుంటే చాలు. రెండు సెకన్లకంటే తక్కువ ఎడంతో పోయినవి వందకి ఎన్నో లెక్కేసి, రెండు రోజులవీ పక్కపక్కన పెట్టాలి. ఒక్క జత రోజులతో తీర్పు చెప్పకూడదు, ట్రాఫిక్ పలుచగా ఉన్న రోజు ఎడం దానంతటదే పెరుగుతుంది. బండ్ల సంఖ్య దాదాపు సమానంగా ఉన్న రోజులు నాలుగైదు జతలు దొరికాక కూడా వందకి ఆ సంఖ్య కదలకపోతే, ఈ అయిదు లైన్లు కూడా మార్చాల్సిందే.